చందుపట్ల రాయి దగ్గర వాక్యం ఎక్కడ ఆగాలి

ఈ మధ్య రుద్రమదేవి మీద వచ్చిన ఒక వీడియో ఇలా మొదలైంది. "1289. చీకటి రాత్రి. గుర్రాల డెక్కల చప్పుడు. ఎవరో వస్తున్నారు. ఎవరు వాళ్ళు? ఓరుగల్లు ఊపిరి బిగబట్టింది." వెనక డప్పు, ఈలగాలి. వీడియో టైటిల్లోనే రుద్రమ మరణం అని ఉంది. తొమ్మిది నిమిషాల తర్వాత తేలింది కూడా అదే, రుద్రమ చనిపోయిందని. మధ్యలో "ఆ తర్వాత ఏం జరిగిందో తెలిస్తే షాక్ అవుతారు" అని నాలుగు సార్లు వినిపించింది.

ఎవరి ఛానెల్ అన్నది నాకు ముఖ్యం కాదు, అందరిదీ ఇదే తీరు. వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల నుంచే కాకతీయుల చరిత్ర చెప్పే ఛానెళ్ళు చాలా ఉన్నాయి. చాలామంది గొంతు బాగుంటుంది, చదువుకునే వస్తారు, శాసనాల పేర్లు తప్పు చెప్పరు. ఉత్కంఠ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ సినిమా ట్రైలర్ వైపు పరుగెత్తుతారు. తెలుగు వాక్యంలోనే ఉత్కంఠ పుట్టించే పనిముట్లు ఉన్నాయని, వాటిని పక్కన పెట్టి డప్పు మీద ఆధారపడుతున్నారని నా అభిప్రాయం. దీన్ని రుద్రమ చివరి రోజుల కథ మీదే పరీక్షించి చూద్దాం. మనకు దగ్గరి కథ, ఆధారాలు రెండు మూడు రాళ్ళే, దాచడానికి నిజంగా ఏదో ఉన్న కథ.

ముందు ఆ చీకటి రాత్రి సంగతి తేల్చుకుందాం. రుద్రమ ఏ రోజు చనిపోయిందో ఎక్కడా లేదు. మనకున్నది, ఆమె పుణ్యం కోసం ఒకరు చేసిన దానాన్ని చెక్కించిన చందుపట్ల శాసనం తేదీ ఒక్కటే. 1289 నవంబరు 27 అని చరిత్రకారులు లెక్కగట్టారు. అది దానం చేసిన రోజు, చావు అంతకు ముందెప్పుడో జరిగింది. ఆ నవంబరు చివరి రోజుల్ని చంద్రుడి లెక్కలో చూస్తే శుక్ల పక్షం, పున్నమి దగ్గర పడ్డ రోజులు. అంటే ఆ వీడియో పెట్టిన చీకటికి రాతి మీద ఆధారం లేదు, ఉన్న ఒక్క తేదీ వెన్నెల వైపు ఉంది. ఉత్కంఠ కోసం కల్పించిన వివరం ఇలాగే పట్టుబడుతుంది. పట్టుబడ్డాక, వినేవాడు ఆ తర్వాత వచ్చే నిజమైన శాసనాన్ని కూడా అదే లెక్కలో వేసేస్తాడు.

దాచాల్సింది చావు కాదు

రుద్రమ చనిపోయిందని అందరికీ తెలుసు. ఏడు వందల ఏళ్ళ కిందటి మనిషి, ఎలాగూ చనిపోయే ఉంటుంది. పైగా టైటిల్లో రాసేశారు. తెలిసినదాన్ని దాచితే వినేవాడికి ఉత్కంఠ పుట్టదు, విసుగు పుడుతుంది. "ఎవరో వస్తున్నారు" అనగానే వాడి మనసులో "తిరగబడ్డ సామంతుడు అంబదేవుడే కదా, చెప్పు" అని జవాబు వచ్చేస్తుంది. అక్కడి నుంచి కథకుడు వెనక, శ్రోత ముందు.

ఇది మనకు కొత్తగా నేర్పాల్సిన పాఠం కూడా కాదు. ఐలోని మల్లన్న జాతరకో కొమురవెల్లికో పోయి ఒగ్గు కథ ముందు కూర్చున్నవాళ్ళకు కథ మొత్తం తెలుసు. మేడలమ్మతో పెళ్ళి జరుగుతుందని తెలుసు, గొల్ల కేతమ్మ వస్తుందనీ తెలుసు. అయినా తెల్లారేదాకా లేవరు. ఏం జరుగుతుందన్నది అక్కడ ఎవరూ దాచరు. ఎలా జరుగుతుందో, ఎప్పుడు నోట్లోంచి ఊడిపడుతుందో, అదే దాస్తారు. వంత పాడేవాడు మధ్యలో "ఎందుకు పోయిండు?" అని అడుగుతాడు, కథకుడు జవాబు చెప్పకుండా ఇంకో నాలుగు అడుగులు నడిపిస్తాడు. ఆ ప్రశ్న అడిగింది వంతవాడే అయినా అది జనం ప్రశ్న. యూట్యూబ్ కథకుడికి పక్కన వంత లేడు. కాబట్టి ఆ ప్రశ్నను వినేవాడి నోటి నుంచే పుట్టించాలి, తాను అడగకూడదు. "ఎవరు వాళ్ళు?" అని కథకుడే అడిగేస్తే, శ్రోతకు చేయడానికి పని మిగలదు.

ఇక చందుపట్ల. ఊరు నల్లగొండ జిల్లా నకిరేకల్ వైపు. పువ్వుల ముమ్మడి అనే ఒకాయన దానం చేసి, ఆ పుణ్యం ఇద్దరికి చెందాలని రాయించాడు. ఒకరు రుద్రమదేవి. ఇంకొకరు ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు. ఇద్దరూ శివలోకానికి వెళ్ళినట్టు రాయి చెబుతుంది. ఎలా వెళ్ళారో చెప్పదు.

ఇందులో దాచదగిన వివరం ఏది? చాలామంది ముమ్మడితో మొదలుపెట్టి, మల్లికార్జునుడిని చెప్పి, చివర్లో డప్పు కొట్టి "రుద్రమదేవి!" అంటారు. ఆ క్రమం తప్పు అని నా వాదన. రుద్రమ పేరు అందరూ ఎదురుచూస్తున్న పేరు, కాబట్టి అది ముందే, మామూలు గొంతుతో వెళ్ళిపోవాలి. దాచాల్సింది ఆ రెండో పేరు. రాణి ఒక్కతే చనిపోతే అది వయసు కావచ్చు, జబ్బు కావచ్చు. రాణీ సేనానీ ఒకే దానంలో, ఒకే పుణ్యంలో కనిపిస్తే శ్రోత బుర్ర తనంతట తానే యుద్ధభూమి వైపు తిరుగుతుంది. ఆ తిరగడమే ఉత్కంఠ. అది కథకుడు చెప్పిన మాట కాదు కాబట్టి వాడు దాన్ని గట్టిగా పట్టుకుంటాడు.

ఒక జాగ్రత్త. రాతి మీద ఏ పేరు ముందుంది, ఏది వెనకుంది అని చెప్పే అవసరం మనకు లేదు. "మొదట ఈ పేరు కనిపిస్తుంది, కిందికి పోతే ఇంకో పేరు" అని నాటకీయంగా చెబితే అది శాసనం మీద మనం చెప్పే అబద్ధం కావచ్చు. మనం ఏది ముందు చెబుతామన్నది మన ఇష్టం, రాయి ఏది ముందు చెప్పిందన్నది మన ఇష్టం కాదు.

తెలుగు వాక్యం తనే ఆపి ఉంచుతుంది

మన వాక్యంలో క్రియ చివర్లో ఉంటుంది. వచ్చి, చూసి, ఆగి, వెనక్కి తిరిగి, అని ఎన్ని పనులైనా వరుసగా పేర్చవచ్చు, ఆఖరి క్రియ వచ్చేదాకా ఆ వరుస ఎటు పోతుందో తెలియదు. "ముట్టడించి, కందకం పూడ్చి, గోడ ఎక్కి" అన్నాక "గెలిచాడు" రావచ్చు, "వెనుదిరిగాడు" రావచ్చు. వినేవాడు ఆ ఒక్క మాట కోసం ఆగుతాడు. డప్పు లేకుండానే ఆగుతాడు.

దీన్ని పాడుచేసే అలవాటు ఒకటుంది. ఫలితాన్ని ముందు చెప్పి, "ఎందుకంటే" అని వెనక కారణం తగిలించడం. "అంబదేవుడు తిరగబడ్డాడు, ఎందుకంటే అతను..." అనగానే క్రియ ఖర్చయిపోయింది. ఇక ఎందుకు వినాలి? అదే మాటను కారణాలన్నీ ముందు పేర్చి, తిరగబడటాన్ని చివరికి తెస్తే వాక్యమే పని చేస్తుంది.

రెండో పనిముట్టు విశేషణ వాక్యం. "దానం చేసిన, రాయి చెక్కించిన, తన పుణ్యాన్ని వేరేవాళ్ళకు ఇచ్చిన మనిషి" అంటూ పోతే పేరు చివరికి జరుగుతుంది. ఇది బలమైనది, కానీ చెవికి బరువు. చదివేటప్పుడు కన్ను వెనక్కి పోగలదు, వినేటప్పుడు చెవి పోలేదు. ఇలాంటి "-ఇన"లు మూడు దాటితే మొదటిది మర్చిపోతారు. రెండు చాలు.

పొడవు ఎంత ఉండాలి? చరిత్ర కథనం నెమ్మదిగా చదివితే నిమిషానికి తొంభై, వంద తెలుగు మాటలు పడతాయి. ఎవరి గొంతుకు వాళ్ళు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఒక పేజీ చదివి చూసుకుంటే సొంత లెక్క తెలిసిపోతుంది. ఆ వేగంలో పన్నెండు మాటల వాక్యానికి ఏడెనిమిది సెకన్లు. అది ఒక ఊపిరి. మామూలుగా నడిచే వాక్యాలు ఎనిమిది నుంచి పన్నెండు మాటల మధ్య ఉంటే చెవి ఆ నడకకు అలవాటు పడుతుంది. ఆ అలవాటు పడ్డాకే పొడవు మారిస్తే తెలుస్తుంది. పొడవాటి వాక్యం పద్దెనిమిది, ఇరవై మాటల దాకా పోవచ్చు, మధ్యలో రెండు మూడు చోట్ల విరుపు ఉండాలి. దాని వెనక వచ్చే పొట్టి వాక్యం రెండు మూడు మాటలు. పొట్టి వాక్యానికి సొంత బలం లేదు, ముందున్న పొడుగు నుంచి అప్పు తెచ్చుకున్న బలమే అంతా. అందుకే "1289. చీకటి రాత్రి. డెక్కల చప్పుడు." అని మొదటి నుంచే పొట్టివి పేరిస్తే ఏదీ మోగదు. అన్నీ గంటలే అయితే ఏ గంట అన్నానికో, ఏది ఇంటికి పోవడానికో బడి పిల్లలకు కూడా తెలియదు.

"-డు" చెప్పేస్తుంది, "-ంది" చెప్పేస్తుంది

తెలుగులో వివరం దాచాలంటే ఇంకో చిక్కు ఉంది. మన క్రియ లింగాన్ని బయటపెడుతుంది. "ఒక మనిషి ఆ రాత్రి కోట దాటాడు" అంటే మగవాడని తెలిసిపోయింది. "దాటింది" అంటే ఆడమనిషి అని తెలిసిపోయింది. కాకపోతే ఏనుగో, సైన్యమో, వార్తో. ఈ రెండోదాంట్లో చిన్న సందు ఉంది చూడండి. "ఓరుగల్లుకు చేరింది" అని ఆపితే, చేరింది రాణా, సైన్యమా, కబురా అన్నది తర్వాతి మాట దాకా తేలదు.

ఇంకా మంచి సందు "-రు"లో ఉంది. "విచ్చేశారు" అంటే మగ, ఆడ తెలియదు, ఒక్కరో పదిమందో కూడా తెలియదు. చందుపట్ల కథకు ఇది అతికినట్టు సరిపోతుంది. "శివలోకానికి వెళ్ళిన వారికి" అంటే వినేవాడు గౌరవవాచకం అనుకుంటాడు, రుద్రమ ఒక్కరినే తలుచుకుంటాడు. ఆ "వారు" ఇద్దరని తర్వాత తెలిసినప్పుడు, తనను మోసం చేశారని అనుకోడు. మాట అక్కడే ఉంది, తనే ఒకలా అర్థం చేసుకున్నాడు. రుద్రమ విషయంలో ఈ "-రు" చరిత్రకూ దగ్గరే. ఆమె రుద్రదేవ మహారాజు అన్న మగ పేరుతో ఏలిన మనిషి. మన వరంగల్ మాటలో చెప్పే ఛానెల్ అయినా ఇబ్బంది లేదు, "అచ్చిన్రు, పోయిన్రు" కూడా అంతే గుట్టుగా ఉంటాయి.

మూడో దారి "ఇచ్చింది ఫలానా" అన్న వాక్యం. "దానం ఇచ్చింది పువ్వుల ముమ్మడి" అన్నప్పుడు "ఇచ్చింది" ఎవరికైనా సరిపోతుంది, పేరు చివర పడుతుంది. బాగా పనికొస్తుంది, కానీ దీన్ని ఒక వీడియోలో ఒకసారికి మించి వాడకూడదు. ఇప్పటికే "ఆ పని చేసింది మరెవరో కాదు..." అన్న తోక పట్టుకుని అన్ని ఛానెళ్ళూ వేలాడుతున్నాయి.

ఒక నిమిషం స్క్రిప్టు

పైన చెప్పిందంతా కలిపి రాస్తే ఇలా ఉంటుంది.

"నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊళ్ళో ఒక శాసనం ఉంది. 1289 నవంబరులో పువ్వుల ముమ్మడి అనే మనిషి చేసిన దానం గురించి అందులో రాశారు. దానం చేసి, దాన్ని రాతి మీద చెక్కించి, వచ్చే పుణ్యాన్ని తన పేరు మీద ఉంచుకోకుండా, అంతకు ముందే శివలోకానికి వెళ్ళిన వారికి చెందాలని రాయించాడు. వారిలో ఒకరు రుద్రమదేవి. ఓరుగల్లును పాతికేళ్ళకు పైగా ఏలిన రాణి పేరు ఒక దానశాసనంలో కనిపించడంలో వింత లేదు. వింత రెండో పేరులో ఉంది. అదే రాతి మీద, అదే దానంలో, అదే పుణ్యానికి ఇంకో పేరు కూడా చెక్కారు. మల్లికార్జున నాయకుడు. ఆమె సేనాని."

మాటలు లెక్కపెట్టి చూస్తే ఎనిమిది, పదకొండు, పందొమ్మిది, మూడు, పదకొండు, నాలుగు, పదకొండు, రెండు, రెండు. పందొమ్మిది తర్వాత వచ్చిన మూడు మాటల వాక్యం రుద్రమది. అది మోగుతుంది కానీ చివరి మోత కాదు, ఎందుకంటే వెంటనే పదకొండు మాటల మామూలు వాక్యం వచ్చి "ఇందులో వింత లేదు" అని చల్లబరుస్తుంది. "వారిలో ఒకరు" అన్న రెండు మాటలు మాత్రం వినేవాడి చెవిలో ఉండిపోతాయి. ఒకరు అంటే ఇంకెవరు? ప్రశ్న ఎవరూ అడగలేదు, పుట్టింది.

చివర రెండు పొట్టి వాక్యాల మధ్య గొంతు ఒక సెకను ఆగాలి, "ఆమె సేనాని" తర్వాత రెండు సెకన్లు. ఇక్కడే అందరూ చెడగొడతారు. ఆ రెండు సెకన్లు ఓర్చుకోలేక "అంటే ఇద్దరూ ఒకే యుద్ధంలో వీరమరణం పొందారన్నమాట!" అని అనేస్తారు. వినేవాడు సరిగ్గా ఆ మాట తనే అనుకోబోతున్నాడు. వాడి నోట్లో ముద్ద లాక్కున్నట్టే.

"ఆమె సేనాని" అన్న వాక్యాన్ని "ఆమె సేనాధిపతి అయిన మల్లికార్జున నాయకుడు" అని ముందు వాక్యంలోనే కలిపేస్తే? సమాచారం అంతే, పని సగమే. మల్లికార్జున నాయకుడన్న పేరు చాలామంది శ్రోతలకు కొత్త. పేరు విన్న సెకనులో "ఎవరబ్బా" అనుకుంటారు, ఆ ఖాళీలో హోదా పడాలి. పేరూ హోదా కలిపి ఇస్తే ఖాళీయే ఉండదు.

ఏడు అంగాలు

రెండో రాయి త్రిపురాంతకంలో ఉంది, శ్రీశైలానికి తూర్పు ద్వారం అనే చోట. 1290 నాటిది, అంబదేవుడిది. కాయస్థ వంశపు సామంతుడు, కాకతీయుల మీద తిరగబడ్డవాడు. అందులో అతను చెప్పుకున్న గొప్పల్లో ఒకటి, మల్లికార్జునుడి సప్తాంగాలను హరించానని. సప్తాంగాలంటే శరీరంలో ఏడు భాగాలు కావు. రాజనీతిలో రాజ్యానికి ఏడు అంగాలు: స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు.

ఇక్కడ వివరాలను దాచే తీరు ఒక్కటే చెబుతాను. ఆ ఏడింటిని పుస్తకంలో ఉన్న వరుసలో చదవకూడదు. వెనక నుంచి చదవాలి.

"ఏడు అంగాలు అంటే, ఆపదలో తోడు వచ్చే మిత్రులు ఒకటి, యుద్ధం చేసే సైన్యం ఒకటి, దాన్ని పోషించే ఖజానా ఒకటి. కోట. నేల. మంత్రి. ఆరు అయ్యాయి."

ఇక్కడ ఆగాలి. సేనాని దగ్గర లాక్కునే ఏడు అంగాల్లో సేనానికి సొంతంగా చెందనిది ఒకటుంది. స్వామి. రాజు. సేనానికి తన రాజ్యం అంటూ లేదు, అతను కొలిచిన రాజ్యం ఉంది, ఆ రాజ్యానికి స్వామి రుద్రమ. అంబదేవుడి గొప్పలో ఆమె పేరు లేదు, కానీ ఆ ఏడులో ఆమె ఉందని చరిత్రకారులు చదివారు. వరుసను తిప్పడంలో అబద్ధం ఏమీ లేదు, ఏడూ ఏడే. మిత్రుడి నుంచి మంత్రి దాకా వచ్చేసరికి వాక్యాలు పదహారు మాటల నుంచి ఒక్క మాటకు కుంచించుకుపోవడం చూడండి. మెట్లు దిగుతున్నట్టు ఉంటుంది, ఆఖరి మెట్టు కింద ఏముందో దిగేవాడికి ముందే అనిపిస్తుంది.

ఇది ఊహే. రుద్రమ ఆ యుద్ధంలోనే చనిపోయిందని ఏ రాయీ నేరుగా చెప్పలేదు. రెండు రాళ్ళను పక్కపక్కన పెట్టి, తేదీలు దగ్గరగా ఉండటం చూసి, చరిత్రకారులు చేసిన తీర్మానం. ఈ సంగతి చెప్పి తీరాలి. చెప్పే చోటు మాత్రం ముఖ్యం. చాలామంది "రుద్రమను అంబదేవుడే చంపాడు!" అని గట్టిగా ముగించి, అర నిమిషం తర్వాత "అయితే దీనికి ప్రత్యక్ష ఆధారం లేదు" అని గొణుగుతారు. పటాకా పేలాక నీళ్ళు చల్లినట్టు. దాన్ని ముందుకు జరిపి చూడండి. "ఇప్పటిదాకా విన్నది రాతి మాట. ఇక్కడి నుంచి వినబోయేది రెండు రాళ్ళ మధ్య ఉన్న ఖాళీ గురించి." ఇలా అన్నాక ఏడు అంగాల్లోకి వెళితే, అనిశ్చితి కూడా ఉత్కంఠలో భాగమవుతుంది. శ్రోతకు తాను తీర్పు చెప్పాల్సిన చోటికి వచ్చానని తెలుస్తుంది, చెవులు రిక్కిస్తాడు. నిజాయితీకి నిజాయితీ, పట్టుకు పట్టు.

నాకున్న అనుమానాలు

ఈ పద్ధతి మీద ఎదురు వాదన గట్టిదే ఒకటుంది. మొదటి అర నిమిషంలో పట్టు దొరక్కపోతే జనం వెళ్ళిపోతారు, "నకిరేకల్ దగ్గర ఒక ఊళ్ళో" అని మొదలుపెడితే ఎవడు ఉంటాడు, అని. నిజమే, ఎంతమంది ఎంతసేపు చూశారో చూపే రిటెన్షన్ గ్రాఫ్ మొదటి అర నిమిషంలోనే ఎక్కువగా పడిపోతుంది. కానీ పట్టు కోసం చీకటి రాత్రే అక్కర్లేదు. "రుద్రమదేవి 1295 దాకా ఏలిందని పాత పుస్తకాల్లో ఉండేది. ఒక ఊరి రాయి ఆ లెక్కను ఆరేళ్ళు వెనక్కి జరిపింది." ఇది మొదటి పది సెకన్లకు చాలు. నిజం, వినని సంగతి, పైగా రాతిలో ఏముందన్నది దాచే ఉంచింది. చావు ఎలా జరిగిందన్న మాటే ఎత్తలేదు, కాబట్టి ఇవ్వలేనిది ఇస్తానని మాట కూడా ఇవ్వలేదు. కథకుడు తనకు తెలిసినదాన్ని కాసేపు ఆపి ఉంచడం దాచడం. చరిత్రకే తెలియనిదాన్ని "చివర్లో చెబుతాను" అని ఊరించడం అప్పు ఎగ్గొట్టడం. ఈ రెంటికీ తేడా తెలియకే మన ఛానెళ్ళ కింద "చివరికి ఏం చెప్పలేదు కదన్నా" అన్న కామెంట్లు పడుతుంటాయి.

రెండో అనుమానం నాకే ఉంది. వాక్యాల పొడవు లెక్కపెట్టి రాస్తే కథ యంత్రంలా అవ్వదా? అవుతుంది, ప్రతి పేరాకూ అదే పొడుగు, అదే పొట్టి పెడితే. మూడోసారికి శ్రోత చెవి ముందే కనిపెట్టేస్తుంది, పొడుగు వాక్యం మొదలవగానే "ఇప్పుడొకటి పేలుతుంది" అని. ఎనిమిది నిమిషాల వీడియోలో ఇలాంటి విరుపులు మూడు చాలు. నా లెక్కలో రుద్రమ కథకు రెండే, సేనాని పేరు దగ్గర ఒకటి, స్వామి దగ్గర ఒకటి. మిగతాదంతా మామూలు నడక. అలాగే ఒకేసారి తెరిచి ఉంచే ప్రశ్నలు రెండు దాటకూడదు. "రెండో పేరు ఎవరిది" అన్నది మూసేశాకే "ఏడో అంగం ఏది" అన్నది తెరవాలి.

తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి రెండు దారులున్నాయి. అప్‌లోడ్ చేశాక రిటెన్షన్ గ్రాఫ్ చూస్తే, ఒక చోట గీత ఉన్నట్టుండి కిందికి జారితే అక్కడ శ్రోతకు జవాబు ముందే తెలిసిపోయిందని నా అనుభవ లెక్క. ఒక చోట గీత చిన్నగా పైకి లేస్తే జనం వెనక్కి పోయి మళ్ళీ విన్నారని, అది మెచ్చుకుని వినడం కావచ్చు, వాక్యం అర్థం కాక వినడమూ కావచ్చు. ఆ చోట ఇరవై మాటల వాక్యం ఉంటే రెండోదే అనుకోవాలి. కానీ అప్పటికి ఆలస్యమే. రికార్డింగుకు ముందే స్క్రిప్టును ఇంట్లో ఒకరికి చదివి వినిపించి, "ఆమె సేనాని" దగ్గర ఆపి, "ఇప్పుడు నీకేం తెలుసుకోవాలని ఉంది?" అని అడగడం మేలు. "యుద్ధం జరిగిందా?" అంటే స్క్రిప్టు పని చేసింది. "ముమ్మడి ఎవరు?" అంటే మూడో వాక్యం దారి తప్పించింది, ముమ్మడికి మనం ఎక్కువ చోటు ఇచ్చాం. "ఊఁ, తర్వాత?" అంటే ఏదీ పుట్టలేదు, రుద్రమ పేరు ముందా వెనకా అన్న దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి.

ఇక స్వామి అన్న మాట తర్వాత ఏం చెప్పాలి? అక్కడ ఇంకో కొస వేలాడదీయాలని చేయి దురద పెడుతుంది, "కానీ అంబదేవుడి కథ అక్కడితో ముగియలేదు..." అని. వద్దు. రెండున్నర సెకన్ల మౌనం, వెనక సంగీతం కూడా లేకుండా. తర్వాత పది మాటల మామూలు వాక్యం, గొంతు పెంచకుండా: "ఆ తర్వాత ఓరుగల్లు గద్దె మీద కూర్చున్నది ఆమె కూతురి కొడుకు, ప్రతాపరుద్రుడు."